తెల్లవారుజామున మూడున్నరకే మెలకువ, ఆ తరువాత రోజంతా ఖాళీ. రిటైరైన వారు ఎలా నెట్టుకొచ్చారో చెప్పండి

సత్తయ్య (నల్లగొండ)

అందరికీ నమస్కారం. ఆర్టీసీ డిపోలో 34 ఏళ్లు పనిచేసి ఏడు నెలల క్రితం రిటైరయ్యాను. కండక్టరుగా చేరాను. చివరి పదకొండేళ్లు డ్యూటీ చార్టు వేసే పని నాది. రేపు ఏ సర్వీసుకు ఏ డ్రైవరు, ఏ కండక్టరు వెళ్లాలో ముందు రోజు సాయంత్రానికే రాసి పెట్టాలి. రాత్రి పదింటికి ఒకరికి జ్వరమని ఫోను వస్తుంది, పదకొండింటికి ఇంకొకరి ఇంట్లో చావు కబురు వస్తుంది. ఆ ఖాళీల్లో ఎవరినో ఒకరిని ఒప్పించి మొదటి బస్సు ఆగకుండా పంపాలి. రోజుకు నలభై, యాభై ఫోన్లు వచ్చేవి. నిన్న ఒక్కటే వచ్చింది, అదీ గ్యాస్ సిలిండర్ అబ్బాయి నుంచి.

మొదటి రెండు నెలలు హాయిగానే గడిచాయి. తిరుపతి వెళ్లొచ్చాం, పెళ్లిళ్లన్నీ తిరిగాం. తరువాతే మొదలైంది. ఇప్పటికీ తెల్లవారుజామున మూడున్నరకు మెలకువ వస్తుంది. లేచి చేసేదేమీ లేదు. పది గంటలకు బస్టాండుకు వెళ్లి కూర్చుంటున్నాను. మొదట్లో కుర్రాళ్లు కుర్చీ వేసి టీ తెప్పించేవారు. గత నెలలో ఒక బస్సు ప్లాట్‌ఫాం మీద అడ్డంగా ఉంటే, పక్కకు తీయమని డ్రైవరుకు చెప్పాను. అతను మర్యాదగానే, "సార్, ఇప్పుడు చార్టు మీరు వేయడం లేదు కదా" అన్నాడు. తప్పు మాట ఏమీ అనలేదు. కానీ ఆ రోజు అన్నం సహించలేదు.

ఇంట్లో చిరాకు పడుతున్నాను. పాలు పొంగితే, తలుపు చప్పుడైతే కోపం వస్తోంది. మా ఇంటావిడ కూడా మాట్లాడటం తగ్గించింది. ఇది వయసు వల్లనా, జబ్బా, లేక అందరికీ ఇంతేనా?

రామగిరి మాస్టారు

సత్తయ్య గారూ, అందరికీ ఇంతే. నేను ప్రధానోపాధ్యాయుడిగా రిటైరై ఆరేళ్లయింది. తొమ్మిదింపావుకు ప్రార్థన గంట చెవిలో మోగుతున్నట్టే ఉండేది. నేను చేసిందల్లా ఖాళీ లేకుండా చూసుకోవడమే. పొద్దున నడక, ఎనిమిదింటికి దేవాలయం, పదింటికి గ్రంథాలయం, సాయంత్రం పెన్షనర్ల సంఘం. గంట కూడా వదలకండి, ఆరు నెలల్లో దానంతట అదే పోతుంది. మనసు బాగాలేదంటూ డాక్టర్ల చుట్టూ తిరిగితే లేని జబ్బు అంటగడతారు.

స్థిర ఆదాయం

సార్, మీరు అడగాల్సిన మొదటి విషయం డబ్బు గురించి. చేతికొచ్చిన మొత్తం ఎక్కడ పెట్టారు? సీనియర్ సిటిజన్ల పొదుపు పథకంలో 30 లక్షల వరకు పెట్టుకోవచ్చు, మూడు నెలలకోసారి వడ్డీ ఖాతాలో పడుతుంది. దానికితోడు నెలనెలా ప్రభుత్వ పెన్షన్ వస్తుంది కాబట్టి మీకు చింత ఉండకూడదు.

సత్తయ్య (నల్లగొండ)

తమ్ముడూ, ఆర్టీసీ వాళ్లకు ప్రభుత్వ ఉద్యోగుల పెన్షన్ ఉండదు. పీఎఫ్ ఆఫీసు ఇచ్చే కొద్దిపాటి పెన్షనే. అయినా మా ఇల్లు సొంతం, అబ్బాయి ఉద్యోగం చేస్తున్నాడు, గడిచిపోతోంది. నేను అడిగింది ఆ బాధ గురించి కాదు.

మాస్టారూ, నడక నేనూ మొదలుపెట్టాను. పానగల్లు చెరువు కట్ట దాకా వెళ్లి వస్తాను. వచ్చాక ఏడున్నరే అవుతుంది. ఆ తరువాత?

పిల్లలమర్రి

సత్తయ్య గారూ, నేను మహబూబ్‌నగర్‌లో సైకాలజిస్టుగా పనిచేస్తాను. ముందు మీ మూడున్నర సంగతి తేల్చుకుందాం. రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నారు? మధ్యాహ్నం ఎంతసేపు పడుకుంటున్నారు? మెలకువ రాగానే మనసు ఎలా ఉంటుంది? చీకటిలోనే దిగులు కమ్మేసి, సాయంత్రానికి కాస్త తేలికపడుతుందా? లేక లేచినప్పుడు బాగానే ఉండి, పొద్దెక్కేకొద్దీ తోచక బరువెక్కుతుందా? ఈ రెంటికీ చాలా తేడా ఉంది.

మాస్టారు గారూ, ఆరు నెలల్లో పోతుందన్నది చాలామంది విషయంలో నిజమే. కొందరి విషయంలో పోదు. పెద్ద వయసులో డిప్రెషన్ వస్తే ఏడుపుగా కనబడకపోవచ్చు. చిరాకు, ఒళ్లు నొప్పులు, ఆకలి తగ్గడం, "నాకు మతిమరుపు వచ్చింది" అన్న ఫిర్యాదు, ఇలా కనబడుతుంది. అందుకే ఇంట్లో వాళ్లు వయసు మీద నెట్టేస్తారు.

సత్తయ్య (నల్లగొండ)

మేడమ్, పనిలేక ఎనిమిదింటికే పడుకుంటున్నాను. మధ్యాహ్నం తిన్నాక రెండు గంటలు, ఒక్కోసారి రెండున్నర. లేవగానే బాగానే ఉంటుంది. ఏ బస్సు ఎవరు తీశారోనని అనుకుంటూ ఉంటాను. పదకొండు దాటాకే బరువు. ఆకలి బాగానే ఉంది, ఆ ఒక్కరోజే సహించలేదు. షుగరు ఉంది, మాత్రలు వేసుకుంటున్నాను.

పిల్లలమర్రి

అయితే లెక్క చూడండి. రాత్రి ఎనిమిది నుంచి మూడున్నర దాకా ఏడున్నర గంటలు, మధ్యాహ్నం రెండు గంటలు. మొత్తం తొమ్మిదిన్నర. మీ వయసుకు ఏడు, ఎనిమిది గంటలు సరిపోతుంది. మీకు నిద్ర తక్కువ కావడం లేదు, ఎక్కువే పోతున్నారు. పైగా ముప్పై ఏళ్లుగా ఒంటికి పట్టిన అలవాటు. కాబట్టి ఆ మెలకువను జబ్బు గుర్తుగా నేను చూడను. మధ్యాహ్నం నిద్ర అరగంటకు తగ్గించండి, అదీ మూడు లోపే. రాత్రి పడక వారానికి అరగంట చొప్పున వెనక్కి జరపండి. పదింటికి చేరేసరికి నెల పడుతుంది.

కానీ ఒక మాట గుర్తుంచుకోండి. దేని మీదా ఆసక్తి లేకపోవడమో దిగులో రెండు వారాలు రోజూ, రోజులో ఎక్కువ భాగం ఉంటే, ఆకలి పోతే, ఉండి ఏం లాభం అనిపిస్తే ఆగకండి. డాక్టరు దగ్గరికి వెళ్లండి, లేదా 14416 టెలి మానస్‌కు ఫోను చేయండి. తెలుగులో మాట్లాడతారు. షుగరు మాత్రల్లో మెట్‌ఫార్మిన్ ఉంటే బి12, దాంతోపాటు థైరాయిడ్ ఒకసారి పరీక్ష చేయించుకోండి. ఆ రెండూ తక్కువైనా మనిషి ఇలాగే నీరసపడతాడు.

జడ్చర్ల సిస్టర్

అన్నా, మీ పోస్టు రెండుసార్లు చదివాను. నేను ఏఎన్ఎంగా ఊరూరా తిరిగినదాన్ని. రిటైరయ్యాక మనవరాలిని చూసుకోవడానికి కూతురి దగ్గరికి హైదరాబాద్ వెళ్లాను. మీకు ఖాళీ ఎక్కువ, నాకు ఊపిరాడని పని. అయినా అదే బరువు. టీకాల రోజు ఊళ్లో అడుగు పెడితే "సిస్టరమ్మ వచ్చింది" అని పిల్లలు ఉరికేవారు. అపార్టుమెంటులో నేను "ఆద్య వాళ్ల అమ్మమ్మ"ను. నాకు పేరు లేదు. పని ఉంటే బాధ ఉండదన్న మాస్టారి మాట అందుకే నాకు మింగుడు పడదు.

పిల్లలమర్రి

సిస్టర్, మీరు సరైన చోట వేలు పెట్టారు. దీని గురించి కొంచెం వివరంగా రాస్తాను.

ఆస్ట్రియాలో మారియెంతాల్ అని ఒక చిన్న ఊరు. 1930 ప్రాంతంలో అక్కడి బట్టల మిల్లు మూతపడి, దాదాపు ఊరంతా పని కోల్పోయింది. కొందరు పరిశోధకులు వెళ్లి ఆ ఊరి జనం రోజు ఎలా గడుస్తుందో గమనించారు. వీధిలో నడిచే వాళ్ల వేగాన్ని కూడా గడియారం పెట్టి కొలిచారు. మగవాళ్లు మెల్లగా నడుస్తూ మాటిమాటికీ ఆగిపోయేవారు. చేతిలో ఎంతో సమయం ఉన్నా గ్రంథాలయం నుంచి పుస్తకాలు తీసుకెళ్లడం తగ్గిపోయింది. రోజంతా ఏం చేశారని అడిగితే చాలామంది చెప్పలేకపోయారు. ఆడవాళ్లలో ఇంత కనబడలేదు, ఎందుకంటే మిల్లు మూతపడినా వాళ్లకు వంట, పిల్లలు, ఇల్లు ఉన్నాయి. రోజుకు ఒక ఆకారం ఉంది.

ఆ బృందంలోని మారీ యహోదా అనే ఆమె తరువాత చెప్పింది ఇది. ఉద్యోగం జీతంతోపాటు మరో ఐదు ఇస్తుంది. రోజుకు వేళలు, ఇంటి బయటి మనుషులు, పదిమందితో కలిసి ఒక పని సాధిస్తున్నామన్న భావన, నలుగురిలో స్థానం, ఒళ్లూ బుర్రా కదలడం. అవి వస్తున్నాయని ఉద్యోగంలో ఉండగా తెలియదు. వాళ్లది ఆకలి కూడా కలిసిన నిరుద్యోగం కాబట్టి రిటైర్మెంటుకు అచ్చంగా సరిపోదు. కానీ ఎవరికి ఏది పోయిందో విడదీసి చూడటానికి బాగా పనికొస్తుంది. మాస్టారు గారికి మొదటి రెండూ సంఘంలో, గ్రంథాలయంలో దొరికాయి, సరిపోయింది. సిస్టర్‌కు వేళలు ఉన్నాయి, స్థానం పోయింది. సత్తయ్య గారికి ఐదూ ఒకే తలుపు వెనక ఉండేవి. ఆ తలుపు మూసుకుంది.

అందుకే సత్తయ్య గారూ, ఒక్క కొత్త వ్యాపకం ఐదింటినీ తెచ్చిపెట్టాలని చూడకండి. ముందు రెండు వారాలు ఒక పని చేయండి. చిన్న నోటు పుస్తకం జేబులో పెట్టుకోండి. గంటకో వరుస. ఏం చేశారు, పక్కన రెండు అంకెలు: ఎంత ఇష్టంగా ఉంది, ఎంత చేయగలిగానని అనిపించింది. సున్నా నుంచి పది. రాత్రికి గుర్తు తెచ్చుకుని రాయొద్దు, దిగులుగా ఉన్నవాళ్లకు రోజంతా చెడ్డగానే గుర్తుంటుంది. అప్పటికప్పుడు రాయాలి. బాగా అనిపించాల్సిన పనులు కాకుండా, నిజంగా ఎక్కడ అంకె పెరిగిందో అది కావాలి మనకు.

రామగిరి మాస్టారు

మేడమ్ గారూ, మీరు చెప్పింది బాగుంది. కానీ గంట గంటకూ మనసును తూకం వేసుకుంటే ఉన్న దిగులు పెరగదా? మా కాలంలో పనిలో పడి మరిచిపోయేవాళ్లం.

పిల్లలమర్రి

కొందరికి పెరుగుతుంది మాస్టారు గారూ. అందుకే రెండు వారాలే అన్నాను. నాలుగు రోజుల్లో భారమనిపిస్తే మానేయడమే.

బత్తాయితోట

సత్తయ్య అన్నా, నాది ఒక మాట వినండి. నేను రెవెన్యూలో చేసి రిటైరయ్యాను. ఖాళీగా ఉండలేక మూడో నెలలోనే సొంతూళ్లో ఐదెకరాల్లో బత్తాయి పెట్టాను. ఆఫీసులో చేసినట్టు ఇక్కడా నా మాట నడుస్తుంది అనుకున్నాను. బత్తాయి నాటిన నాలుగైదేళ్లకు గాని కాపుకు రాదు. మూడో వేసవికి బోరు ఎండింది. రెండోది వేశాను, దుమ్ము వచ్చింది. మూడోదీ, నాలుగోదీ అంతే. చెట్లను బతికించడానికి ట్యాంకర్లు తోలించాను. చేతికొచ్చిన 19 లక్షల్లో 11 పోయాయి. మిగిలిన చెట్లు ఇప్పుడు కాస్తున్నాయి, అది వేరే సంగతి.

నేను పంట కోసం పెట్టలేదు. సాయంత్రం పదిమంది కూలీలు "సార్, రేపేం చేయాలి" అని అడగడం కోసం పెట్టాను. అది ఇప్పుడు తెలుస్తోంది. మొదటి ఏడాది పెద్ద డబ్బు ఏ పనిలోనూ పెట్టకండి. చేయాలనిపిస్తే అరెకరం కౌలుకు తీసుకుని ఒక పంట చూడండి.

మిర్యాలగూడ గృహిణి

నేను రిటైరైన మనిషిని కాను, రిటైరైన ఆయన భార్యను. మీ ఇంటావిడ మాట్లాడటం తగ్గించిందని రాశారు కదా సత్తయ్య గారూ, ఆమె వైపు నుంచి రాస్తున్నాను. ముప్పై ఏళ్లుగా పది నుంచి ఐదు దాకా ఇల్లు నాది. ఆయన రిటైరయ్యాక పోపుల డబ్బా సర్దారు. కూరగాయలు ఇంత ధరకు ఎందుకు కొన్నావని అడిగారు. పక్కింటామె మధ్యాహ్నం వచ్చి కూర్చునేది, ఈయన హాల్లో ఉంటారని మానేసింది. ఆయన ఉద్యోగం పోయిందని అందరూ ఓదార్చారు, నా మధ్యాహ్నాలు పోయాయని ఎవరూ అడగలేదు. చివరికి నేనే చెప్పాను, పదకొండు నుంచి రెండు దాకా మీరు ఇంట్లో ఉండొద్దని. కష్టపెట్టుకున్నారు. నెలకు సర్దుకుంది. మీరు ఆమెను ఒకసారి అడగండి, ఏ వేళ మీరు లేకపోతే ఆమెకు నయమో.

సత్తయ్య (నల్లగొండ)

అమ్మా, అడిగాను. కాసేపు ఏమీ అనలేదు. తరువాత "టీవీ రిమోట్ అన్నా నా దగ్గర ఉండనివ్వండి" అంది. నేను పోపుల డబ్బా ముట్టలేదు కానీ పాల లెక్క, చాకలి లెక్క అన్నీ నా చేతిలోకి తీసుకున్నాను. ఆమెకు సాయం చేస్తున్నాననే అనుకున్నాను.

(రెండు వారాల తరువాత)

సత్తయ్య (నల్లగొండ)

మేడమ్, పుస్తకం నిండింది. కొన్ని వరుసలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

సోమవారం ఉదయం ఆరు, నడక: ఇష్టం 5, చేయగలిగింది 4. పది, బస్టాండు: 3, 0. పన్నెండు, బస్టాండు: 2, 0. నాలుగు, టీవీ: 2, 0. మంగళవారం, గ్రంథాలయం, పేపరు: 4, 1. బుధవారం, మాస్టారి సంఘం సమావేశం: 3, 1. అందరూ డీఏ గురించి మాట్లాడారు, నాకు అది వర్తించదు. బస్టాండులో కూర్చుంటే బాగుంటుంది అనుకున్నాను, అంకెలు చూస్తే అక్కడా, టీవీ ముందూ అన్నిటికంటే తక్కువ.

ఒక్క వరుస వేరుగా ఉంది. రెండో గురువారం సాయంత్రం ఐదున్నర: 8, 9. బస్టాండు నుంచి లేచి వస్తుంటే ఒక ఆమె వచ్చి చండూరు వైపు బస్సు ఉందా అని అడిగింది. భర్తకు డయాలసిస్. వారానికి మూడుసార్లు ఊరి నుంచి తీసుకొస్తుంది. నాలుగు గంటలు మిషన్ మీద ఉంచుతారు. మధ్యాహ్నం షిఫ్టు పడితే బయటికొచ్చేసరికి వాళ్ల ఊళ్లోకి వెళ్లే చివరి బస్సు పోతోంది. ఆమెకు టికెట్ ఉచితమే, బస్సు లేనప్పుడు అది ఎందుకు పనికొస్తుంది? రోడ్డు మీద దిగి ఆటోకు 300 ఇస్తున్నారు. మనిషి నిలబడలేకపోతున్నాడు, చేతి మీద సూది గుచ్చిన చోట దూది అలాగే ఉంది. వాళ్లను కూర్చోబెట్టి, వేరే దారిలో వెళ్లే సర్వీసు ఒకటి చూపించి, దిగాల్సిన స్టేజీ చెప్పి, కండక్టరుకు అప్పజెప్పాను. ముప్పావు గంట పట్టింది. ఇంటికి వచ్చి 9 వేశాను.

పిల్లలమర్రి

సత్తయ్య గారూ, ఆ వరుసను వదలొద్దు. బస్టాండు అదే, మనుషులు వాళ్లే. సోమవారం సున్నా, గురువారం తొమ్మిది. ఒకచోట పాత కుర్చీ కోసం కూర్చున్నారు, ఇంకోచోట మీకు తెలిసిన పని ఒకరికి అక్కరకొచ్చింది. మీరు 11 ఏళ్లు చేసింది ఏమిటి? ఎవరు ఎప్పుడు ఎక్కడ ఉండాలో ముక్కలు పేర్చడం. అది డిపోది కాదు, మీది.

రెండు జాగ్రత్తలు. వారంలో రెండే రోజులు, రెండే గంటలు పెట్టుకోండి. మొదటి వారంలోనే ఆరు రోజులు పెట్టుకుంటే నెలకు విసుగొస్తుంది. రెండు, ఆ రోజు మనసు ఎలా ఉన్నా ఆ వేళకు వెళ్లండి. మనసు బాగయ్యాక వెళ్దామంటే ఆ రోజు రాదు, వెళ్లాకే కాస్త బాగవుతుంది.

జడ్చర్ల సిస్టర్

అన్నా, ఆసుపత్రిలో ముందుగా డయాలసిస్ సిస్టర్‌తో మాట్లాడండి. షిఫ్టులు వేసేది వాళ్లే. పేషెంట్ల పేర్లు మీకు మీరుగా అడగకండి, వాళ్లు ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. మీ దగ్గర బస్సుల వేళలు ఉన్నాయని చెప్పి కాగితం ఇచ్చి రండి. అవసరమైన వాళ్లు మిమ్మల్ని అడుగుతారు.

(మరో నెలన్నర తరువాత)

సత్తయ్య (నల్లగొండ)

సిస్టర్ చెప్పినట్టే చేశాను. నాలుగు దిక్కులకూ ఒక్కో కాగితం రాశాను: దేవరకొండ, మునుగోడు, హాలియా, నకిరేకల్. ప్రతి దారిలో లోపలి ఊళ్లకు చివరి బస్సు ఎప్పుడో, దాని కోసం మిషన్ మీద నుంచి ఎన్నింటికి దిగాలో వెనక్కి లెక్కగట్టాను. దిగాక రక్తం ఆగడానికి, కళ్లు తిరగకుండా కూర్చోవడానికి అరగంట కలపమని అక్కడి నర్సమ్మ చెప్పింది. అది నాకు తెలియదు. మొదటి కాగితం చించి మళ్లీ రాశాను. దూరపు ఊళ్ల నలుగురిని ఉదయం షిఫ్టుకు మార్చారు. దగ్గరి వాళ్లు ఇద్దరు మధ్యాహ్నానికి ఒప్పుకున్నారు. ఇంకో ముగ్గురికి కుదరలేదు, మిషన్లు అన్నే ఉన్నాయి.

మంగళ, శుక్రవారాలు వెళ్తున్నాను. ఇప్పుడు రాత్రి తొమ్మిదిన్నరకు పడుకుంటున్నాను, నాలుగున్నరకు మెలకువ. బి12 తక్కువ ఉందని తేలింది, మాత్రలు ఇచ్చారు. ఏది ఎంత పనిచేసిందో నేను చెప్పలేను. ఆదివారం మాత్రం ఇంకా బరువుగానే ఉంది. గత వారం మాకు పరిచయమైన పేషెంటు ఒకాయన చనిపోయారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఈ పనిలో ఇది కూడా ఉంటుందని నేను ముందు అనుకోలేదు.

పిల్లలమర్రి

అది దుఃఖం సత్తయ్య గారూ, జబ్బు కాదు. ఆ ఇంటికి ఒకసారి వెళ్లి రండి. ఆదివారం గురించి నా దగ్గర తయారుగా జవాబు లేదు. మీ ఇంటావిడ ఏమంటుందో చూడండి.

రామగిరి మాస్టారు

ఆదివారం మా ఇంటికి రండి. చదరంగం ఉంది. అయినా ఆరు నెలల మాట నేను వెనక్కి తీసుకోను, మీది తొమ్మిదో నెల నడుస్తోంది, లెక్క దగ్గరగానే ఉంది.

వనపర్తి అబ్బాయి

నమస్కారం. పోస్టులన్నీ చదివాను. మా నాన్నగారు వచ్చే నెల 31న రిటైరవుతున్నారు. సబ్‌స్టేషన్‌లో షిఫ్టు ఆపరేటరు. సన్మానానికి శాలువా, వెండి కుంచం మాట్లాడుతున్నాం. ఆ మరుసటి రోజుకు ఏం చేయాలో ఇంట్లో ఎవరూ అనుకోలేదు. అడిగితే "విశ్రాంతి తీసుకుంటాను" అంటున్నారు. ఇప్పుడే ఏమైనా మొదలుపెట్టాలా, లేక ఆయన్ను అలా వదిలేయాలా?

సత్తయ్య (నల్లగొండ)

బాబూ, రెండు నెలలు విశ్రాంతి తీసుకోనివ్వు, అది ఆయన హక్కు. పెద్ద డబ్బు దేనిలోనూ పెట్టించకు. పైన బత్తాయితోట అన్న రాసింది ఆయనకు చదివి వినిపించు. మూడో నెల నుంచి కొంచెం గమనించు. ఇంతకూ నైట్ షిఫ్టులు చేసిన మనిషి కదా, ఆయన ఎన్నింటికి లేస్తారు? అది కనుక్కుని రాయి, మేడమ్ చూస్తారు.